హోమ్‌లోన్‌లో నాలుగు లక్షలు ముందుగా కట్టాను: గడువు నిజంగా ఎంత తగ్గిందంటే (నా అనుభవం)

మాది ఒంగోలు. చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం. మంగమూరు రోడ్డు వైపు కట్టుకున్న ఇంటికి 2021లో 25 లక్షల హోమ్‌లోన్ తీసుకున్నాను. అప్పుడు వడ్డీ 6.9 శాతం, గడువు 20 ఏళ్లు, ఈఎంఐ 19,233. మొదటి ఈఎంఐ 2021 ఆగస్టు 5న కట్టాను. ఆ లెక్కన 2041 జులైకి అప్పు తీరిపోవాలి.

ఫ్లోటింగ్ రేటు కదా, అలా జరగలేదు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా ఆర్‌బీఐ రెపో రేటును 4 నుంచి 6.5 శాతానికి పెంచుకుంటూ పోయింది. దాంతోపాటు నా వడ్డీ కూడా 9.4కి ఎక్కింది. బ్యాంకు వాళ్లు 2023 మేలో ఈఎంఐని 20,500 చేశారు, మిగతా భారాన్ని గడువు మీదికి తోసేశారు. మొత్తం గడువు 30 ఏళ్లు దాటకుండా ఉండటానికి ఈఎంఐ ఆ మాత్రమైనా పెంచక తప్పలేదని అప్పట్లో చెప్పారు. నెలకు పన్నెండు వందలు ఎక్కువ, సర్లే అనుకుని ఊరుకున్నాం.

2025 సెప్టెంబరులో మా ఆవిడ చీటీ డబ్బు చేతికొచ్చింది. ఇంట్లో అవసరాలకు కొంత పక్కన పెట్టగా నాలుగు లక్షలు మిగిలాయి. ఎఫ్‌డీలో వేద్దామా, లోనుకు కడదామా అని మాట వచ్చింది. అప్పుడు స్టేట్‌మెంట్ తీసి శ్రద్ధగా చూశాను. సెప్టెంబరు 5 ఈఎంఐతో కలిపి 50 ఈఎంఐలు కట్టాను. మొత్తం కట్టింది దాదాపు పది లక్షలు. మిగిలిన బాకీ 23,64,180. అంటే పది లక్షల్లో అసలులోకి పోయింది లక్షా ముప్పై అయిదు వేల పైచిలుకు మాత్రమే. మిగతాదంతా వడ్డీ. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదంటే నమ్మండి.

కందుకూరులో జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్పే మా బావమరిదికి ఫోన్ చేశాను. "బావా, ఎంత వడ్డీ పోయిందో చూసి బాధపడి లాభం లేదు. ఇంకా ఎన్ని నెలలు కట్టాలో చూడు. ఎక్సెల్‌లో NPER అని ఫంక్షన్ ఉంటుంది, మూడు అంకెలు ఇస్తే నెలలు చెప్పేస్తుంది" అన్నాడు. ఫ్యాక్టరీలో జీతాల షీట్లు చేసే ఎక్సెలే కాబట్టి భయం లేదు. ఫోన్‌లో గూగుల్ షీట్స్ ఉన్నా ఇదే ఫార్ములా పనిచేస్తుంది.

అప్పటికి నా వడ్డీ 8.4 శాతం. 2025 ఫిబ్రవరి నుంచి జూన్ దాకా రెపో రేటు మూడు విడతల్లో 5.5కి దిగింది కాబట్టి నాకూ ఒక శాతం తగ్గింది. ఫార్ములాలో మొదట నెల వడ్డీ రేటు, తర్వాత ఈఎంఐ, చివర మిగిలిన బాకీ:

```
=NPER(8.4%/12, -20500, 2364180)
```

వచ్చిన జవాబు 236.04. ఇరవై ఏళ్ల లోను తీసుకుని, నాలుగేళ్లకు పైగా కట్టాక, ఇంకా 19 ఏళ్ల 8 నెలలు మిగిలి ఉంది! మొదటి లెక్క ప్రకారం అయితే 190 నెలలే మిగలాలి.

ఇక్కడ మీరు ప్రయత్నించేటప్పుడు ఎదురయ్యేవి రెండు మూడు ఉన్నాయి. ఈఎంఐ ముందు మైనస్ గుర్తు తప్పనిసరి. బాకీ మన చేతికి వచ్చిన డబ్బు, ఈఎంఐ మన చేతి నుంచి పోయే డబ్బు, కాబట్టి రెండిటికీ గుర్తులు వేరుగా ఉండాలి. మైనస్ లేకపోతే జవాబు నెగెటివ్‌లో ఏదో వస్తుంది, దానికి అర్థమేమీ ఉండదు. ఏడాది వడ్డీని 12తో భాగించకపోయినా, 8.4 పక్కన శాతం గుర్తు పెట్టకపోయినా సెల్‌లో #NUM! అని పడుతుంది. నెలకు నూటికి ఎనిమిది రూపాయల పైన వడ్డీ అయితే 20,500 ఏ మూలకూ రాదు కదా, అప్పు ఎప్పటికీ తీరదు అని అది చెబుతున్నట్టు.

ఆ #NUM! నిజ జీవితంలో కూడా రావచ్చని అర్థమైనప్పుడు మాత్రం కొంచెం ఒళ్లు జలదరించింది. 2023 ఏప్రిల్‌లో నా బాకీ సుమారు 24 లక్షల 20 వేలు. 9.4 శాతం మీద నెల వడ్డీయే 18,958. పాత ఈఎంఐ 19,233 అలాగే ఉంచి ఫార్ములా వేస్తే 544 నెలలు వచ్చింది, అంటే 45 ఏళ్లు. రేటు ఇంకో పావు శాతం పెరిగి ఉంటే వడ్డీ ఈఎంఐని దాటేసేది, షీట్‌లో #NUM! పడేది. బ్యాంకు ఈఎంఐ ఎందుకు పెంచిందో రెండేళ్ల తర్వాత అప్పుడు తెలిసింది. ఆ రోజు కౌంటర్లో ఎవరైనా ఈ ఒక్క అంకె చూపించి ఉంటే నేనే ఇంకో వెయ్యి పెంచమనేవాడిని.

సరే, నాలుగు లక్షల సంగతికి వస్తాను. ఒకేసారి నాలుగు లక్షలు తీసేసి చూడకుండా, లక్ష చొప్పున తగ్గిస్తూ ఫార్ములాను కిందికి లాగాను. మొదటి లక్ష కడితే 236 నెలలు కాస్తా 212.7 అయ్యాయి, అంటే 23 నెలలకు పైగా పోయాయి. రెండో లక్షకు 20 నెలలు, మూడో లక్షకు పదిహేడున్నర, నాలుగో లక్షకు 16 కంటే కొంచెం తక్కువ. అదే లక్ష, కానీ ప్రతిసారీ తగ్గే నెలలు తక్కువవుతున్నాయి. మొత్తం మీద:

```
=NPER(8.4%/12, -20500, 1964180)
```

159.24 వచ్చింది. దాదాపు 77 నెలలు, అంటే ఆరేళ్ల అయిదు నెలలు తగ్గుతాయి. నెలకు 20,500 చొప్పున లెక్కేస్తే కట్టక్కర్లేని ఈఎంఐలు 15 లక్షల 74 వేలు. అందులో నేను ఇప్పుడు ఇచ్చే నాలుగు లక్షలు తీసేస్తే ఆదా అయ్యే వడ్డీ సుమారు 11 లక్షల 74 వేలు.

ఇంత తేడా ఎలా వస్తుందో నాకు మొదట నమ్మకం కుదరలేదు. బావమరిదే విడమర్చాడు. నా 20,500లో ఆ నెల వడ్డీ 16,549. అసలుకు పోయేది 3,951 మాత్రమే. వచ్చే నెల అది ఇంకొంచెం పెరుగుతుంది, ఆ పైనెల ఇంకొంచెం. ముందున్న నెలల్లో అసలుకు పోయే ఈ చిన్న చిన్న వాటాలన్నీ వరసగా కూడితే లక్ష కావడానికి 23 నెలలు పడుతుంది. నేను లక్ష ఇప్పుడే కట్టేస్తే ఆ 23 నెలల అసలు వాటా కట్టేసినట్టే, ఆ నెలల వడ్డీ ఎగిరిపోయినట్టే. ఒంగోలులో ఎక్కినవాణ్ని సింగరాయకొండలో ఆగకుండా నేరుగా కావలిలో దింపినట్టు, బ్యాంకు షెడ్యూలులో మధ్య గళ్లన్నీ దాటించి ముందు గడిలో కూర్చోబెడుతుంది. వెనకాల గళ్లలో అసలు వాటా ఎక్కువ, వడ్డీ వాటా తక్కువ. అందుకే రెండో లక్ష, మూడో లక్ష అంత దూరం దాటించవు. లోను మొదట్లో ఉన్నవాళ్లకు, నాలాగా గడువు సాగిపోయినవాళ్లకు, పార్ట్ పేమెంట్ ఎక్కువగా కలిసొచ్చేది ఇందుకే. పదిహేనేళ్లు కట్టేసినవాళ్లకు అదే లక్ష ఇన్ని నెలలు తగ్గించదు.

ఇంకో లెక్క కూడా వేశాను, అది కాస్త చేదు. ముందు అనుకున్న 2041 జులైకి తిరిగి చేరాలంటే ఎంత కట్టాలి అని. 2 లక్షల 14 వేలు కావాలట! అంటే నా నాలుగు లక్షల్లో సగానికి పైగా, రేట్లు పెరిగి సాగిన గడువును వెనక్కి తేవడానికే సరిపోయింది. మిగతా సగంతోనే నేను నిజంగా ముందుకెళ్లింది.

ఎఫ్‌డీ మాట అక్కడితో ఆగిపోయింది. 8.4 వడ్డీ కడుతూ అంతకంటే తక్కువకు దాచుకోవడంలో అర్థం కనిపించలేదు. హోమ్‌లోన్ వడ్డీకి ఆదాయ పన్ను మినహాయింపు పోతుందని ఆఫీసులో ఒకాయన అన్నారు. నేను కొత్త పన్ను విధానంలో ఉన్నాను, మనం ఉంటున్న ఇంటి వడ్డీకి అందులో మినహాయింపు లేదు, కాబట్టి నాకు పోయేదేమీ లేదు. పాత విధానంలో ఉన్నవాళ్లు మాత్రం ఆ లెక్క కూడా వేసుకోవాలి.

సెప్టెంబరు 12, శుక్రవారం, బ్యాంకుకు వెళ్లాను. ఈఎంఐ 5న పోయింది కాబట్టి అసలు లెక్క శుభ్రంగా ఉంటుందని ఆ వారమే పెట్టుకున్నాను. యాప్‌లోంచి పంపొచ్చు కానీ, అలా పంపితే కొన్నిచోట్ల దాన్ని రాబోయే ఈఎంఐల అడ్వాన్సుగా పట్టుకుంటారని బావమరిది హెచ్చరించాడు. అసలులో జమ కావాలంటే రాతపూర్వకంగా ఇవ్వమన్నాడు. అందుకే లెటర్ రాసుకుని వెళ్లాను. నాలుగు లక్షలు అసలులో జమ చేయాలి, ఈఎంఐ 20,500 మార్చకూడదు, గడువు మాత్రమే తగ్గించాలి, కొత్త షెడ్యూలు ఇవ్వాలి. ఇంతే విషయం. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకున్నాను. తర్వాత నన్ను కాపాడింది ఆ ముద్రే.

ఛార్జీ ఏమైనా ఉంటుందా అని అడిగితే లోన్ సెక్షన్‌లో మేడం "ఫ్లోటింగ్ రేటు హోమ్‌లోన్‌కు ఉండదు సార్, ఆర్‌బీఐ రూలు" అన్నారు. నా ఖాతా నుంచే ట్రాన్స్‌ఫర్ చేశారు. నాకైన ఖర్చల్లా జిరాక్సు, ఆటో చార్జీలు, ఒక పూట సెలవు. సాయంత్రానికి బాకీ 19,64,180 అని యాప్‌లో కనపడింది. గడువు మాత్రం మారలేదు. "రీషెడ్యూలుకు కొన్ని రోజులు పడుతుంది" అన్నారు. దసరా ముందు రోజులు, నేనూ తొందర పెట్టలేదు.

అక్టోబరు 5 ఆదివారం. పొద్దున్నే మా ఆవిడ ఫోన్ పట్టుకుని వచ్చింది. "ఏమండీ, ఈఎంఐ తగ్గిందండీ! పదిహేడు వేలే పోయింది" అని సంబరంగా చూపించింది. మెసేజ్‌లో 17,033 అని ఉంది. నాకు సంబరం కాదు, టెన్షన్ మొదలైంది. నేను అడిగింది గడువు తగ్గించమని, వాళ్లు ఈఎంఐ తగ్గించినట్టున్నారు. అనుమానం తీర్చుకోవడానికి ఇంకో ఫార్ములా వేశాను. గడువు పాత 236 నెలలే ఉంచితే, కొత్త బాకీకి ఈఎంఐ ఎంత?

```
=PMT(8.4%/12, 236, -1964180)
```

17,033. రూపాయితో సహా సరిపోయింది. ఇక సందేహం లేదు, గడువు అలాగే ఉంచి ఈఎంఐని కొత్తగా లెక్కకట్టారు. మీకూ ఇలా జరిగిందో లేదో తెలుసుకోవాలంటే ఇదే దారి. పార్ట్ పేమెంట్ తర్వాత వచ్చే మొదటి ఈఎంఐ మొత్తం చూడండి. మారలేదంటే గడువు తగ్గుతున్నట్టు. తగ్గిందంటే మీరు అడగకుండానే రెండో దారి పట్టించినట్టు.

ఆ రెండో దారి తప్పు అనను. జీతం బిగుతుగా ఉన్నవాళ్లకు నెలకు 3,467 మిగలడం చిన్న విషయం కాదు. కానీ లెక్కలో తేడా చూడండి. ఈఎంఐ తగ్గించుకుంటే 236 నెలల్లో ఆదా అయ్యే వడ్డీ సుమారు 4 లక్షల 18 వేలు. గడువు తగ్గించుకుంటే 11 లక్షల 74 వేలు. ఈ ఏడున్నర లక్షల తేడా గాల్లోంచి ఊడిపడలేదు, అది మొదటి దారిలో నేను ప్రతి నెలా ఆ 3,467 కూడా కడుతూ పోవడం వల్ల వచ్చింది. ఈఎంఐ 17,033కి తగ్గించుకుని, మిగిలిన 3,467ని ప్రతి నెలా మళ్లీ లోనులోనే కట్టినా ఫలితం దాదాపు అంతే వస్తుంది. అంత క్రమశిక్షణ మా ఇంట్లో లేదు. ఖాతాలో మిగిలిన మూడు వేలు నెలాఖరుకి ఎక్కడికి పోతాయో నాకు తెలుసు.

సోమవారం మళ్లీ బ్యాంకు మెట్లెక్కాను. మేడం కంప్యూటర్లో చూసి, "ఈఎంఐ తగ్గితే మంచిదే కదా సార్, ఎక్కువమంది ఇదే అడుగుతారు. సిస్టమ్‌లో వేరే ఆప్షన్ పెట్టకపోతే గడువు అలాగే ఉండి ఈఎంఐ తగ్గుతుంది" అన్నారు. ముద్ర ఉన్న కాపీ ముందు పెట్టాను. ఆవిడ చదివి, "ఔను, ఇందులో రాశారు" అని ఒప్పుకున్నారు. వాదన ఏమీ జరగలేదు, కానీ పని కూడా వెంటనే జరగలేదు. పై ఆఫీసు నుంచి మార్చాలట.

మేనేజర్ గారిని కలిసినప్పుడు ఇంకో మాట అడిగాను. 2023 ఆగస్టు 18న ఆర్‌బీఐ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచాలా, గడువు పెంచాలా, రెండూనా అనేది లోను తీసుకున్నవాళ్లను అడగాలి. ఎన్ని ఈఎంఐలు మిగిలాయో, అప్పటిదాకా అసలెంత, వడ్డీ ఎంత వసూలైందో మూడు నెలలకోసారి స్టేట్‌మెంట్‌లో చూపాలి. ఆ సర్క్యులర్ రేటు మార్పు గురించే తప్ప నా పార్ట్ పేమెంట్ పేచీ గురించి కాదని నాకూ తెలుసు. కానీ మిగిలిన ఈఎంఐల సంఖ్య స్టేట్‌మెంట్‌లో ఉండాలి కదా, అది 236 చూపిస్తే నా లెటర్ అమలు కానట్టే కదా అన్నాను. ఆయన నవ్వి, "మీరు లెక్కలు మాస్టారా?" అన్నారు. "కాదు సార్, మా బావమరిది" అన్నాను. పనైతే ముందుకు కదిలింది.

ఈలోగా దీపావళి వచ్చింది, ఆ వెంటనే అక్టోబరు చివర్లో మొంథా తుపాను. మా జిల్లాలోనూ వానలు దంచికొట్టాయి. బ్యాంకు సంగతి ఎవరికి గుర్తుంటుంది, ఇంట్లోకి నీళ్లు రాకుండా చూసుకోవడమే సరిపోయింది. వాన తెరిపిచ్చాక, అక్టోబరు 31న మేడమే ఫోన్ చేసి మార్పు అయిందని చెప్పారు. నవంబరు 5న ఖాతాలోంచి మళ్లీ 20,500 పోయింది. ఎక్కువ డబ్బు పోయినందుకు సంతోషించడం జీవితంలో అదే మొదలు. మా ఆవిడకు ఆ సంతోషం ఏమిటో ఇప్పటికీ అర్థం కాదు.

నవంబరు 10న కొత్త షెడ్యూలు కాగితం చేతికి ఇచ్చారు. నవంబరు ఈఎంఐతో కలిపి ఇంకా 159 ఈఎంఐలు, ఆఖరిది 2039 జనవరి. నా షీట్‌లో అక్టోబరు నుంచే 159.24 కదా, అక్టోబరు ఒకటి కట్టేశాక 158.24 ఉండాలి, మరి బ్యాంకుకు 159 ఎలా వచ్చింది? ఇలాంటి చిన్న తేడా వస్తే బ్యాంకు మోసం చేసిందని గొడవకు దిగొద్దు, కారణం వెతకండి. నా విషయంలో మూడు కారణాలు కలిశాయి.

ఒకటి, నాలుగు లక్షలు కట్టింది 12న. బ్యాంకు వడ్డీ రోజువారీ బాకీ మీద వేస్తుంది. సెప్టెంబరు 5 నుంచి 12 దాకా ఏడు రోజులకు పాత బాకీ మీదే వడ్డీ నడిచింది. ఫార్ములాకు రోజుల సంగతి తెలియదు, నెలంతా కొత్త బాకీయే ఉందనుకుంటుంది. అందుకే అది 13,749 అనుకున్న వడ్డీ, బ్యాంకులో 14,205 పడింది. 456 రూపాయల తేడా. ఈఎంఐ పోయిన మర్నాడే కట్టి ఉంటే ఇది ఇంకా తగ్గేది.

రెండు, అక్టోబరులో పోయింది 20,500 కాదు, 17,033. ఆ నెల అసలులోకి వెళ్లింది 2,828 మాత్రమే. బాకీ 19,61,352 దగ్గర ఆగింది. ఆ అంకెతో మళ్లీ NPER వేస్తే 158.82 వచ్చింది. అంటే ఆ ఒక్క తప్పుడు నెల, ఆ ఏడు రోజుల వడ్డీ కలిసి నాకు సగం నెలకు కొంచెం పైన ఖరీదయ్యాయి.

మూడు, ఆ చుక్క తర్వాతి అంకె. 158.82 అంటే 158 పూర్తి ఈఎంఐలు, ఆపైన ఒక ఆఖరి చిన్న ఈఎంఐ. బ్యాంకు దాన్ని కూడా ఒకటిగా లెక్కపెట్టి 159 అంటుంది. ఆ ఆఖరి మొత్తం సుమారుగా 20,500లో అంత భాగమే ఉంటుంది. ఉదాహరణకు 159.24 వచ్చినప్పుడు చివరి నెల కట్టాల్సింది నాలుగు వేల ఎనిమిది వందల పైచిలుకే. కాబట్టి జవాబు ఎప్పుడూ పైఅంకెకు సర్దుకుని బ్యాంకు సంఖ్యతో పోల్చాలి. నాది 159, వాళ్లది 159. రెండూ కలిశాక కాగితం మడిచి ఇంటి దస్తావేజుల ఫైల్లో పెట్టాను.

ఒకటి రెండు నెలల తేడా ఇలాంటి కారణాలతో వస్తుంది. పది, ఇరవై నెలల తేడా వస్తే మాత్రం మూడు అంకెల్లో ఏదో ఒకటి తేడాగా ఉన్నట్టు. నేనైతే ముందు వడ్డీ రేటు చూస్తాను. యాప్‌లో కనిపించేది కొత్త రేటా, పాత రేటా అన్నది అడిగి తెలుసుకోవాలి. మా బ్యాంకు మూడు నెలలకోసారి మాత్రమే రేటు మారుస్తుంది, రెపో తగ్గిన రోజే మనకు తగ్గదు. తర్వాత బాకీ. స్టేట్‌మెంట్‌లో ముగింపు బాకీ తీసుకోవాలి. శాంక్షన్ మొత్తమో, ఇన్సూరెన్సు కలిపిన మొత్తమో పొరపాటున వాడితే లెక్క మొత్తం పక్కకు పోతుంది. ఇన్సూరెన్సు ప్రీమియాన్ని కూడా లోనులో కలిపి ఇచ్చినవాళ్లకు దాని వాయిదా ఈఎంఐలో కలిసి ఉంటుంది, అది విడదీసి చూసుకోవాలి. నాకు ఆ బాధ లేదు, ప్రీమియం విడిగా కట్టాను.

ఇంకోటి, NPER చెప్పేది ఈ రోజు రేటు చివరిదాకా ఇలాగే ఉంటే అన్న షరతు మీద. 2039 జనవరి అన్నది కాగితం మీద తేదీ. రేటు అర శాతం పెరిగినా అది కదులుతుంది, తగ్గినా కదులుతుంది. దీన్ని ఎక్కువ రోజులు ఆగకుండానే చూశాను. 2025 డిసెంబరు 5న ఆర్‌బీఐ రెపోను 5.25 చేసింది. మా బ్యాంకులో జనవరి 1 నుంచి నా వడ్డీ 8.15 అయింది. రేటు తగ్గినప్పుడు కూడా ఈఎంఐ తగ్గించొద్దని డిసెంబరులోనే ఇంకో లెటర్ ఇచ్చి ముద్ర వేయించుకున్నాను. ఈసారి జనవరి 5న 20,500 యథాతథంగా పోయింది. మిగిలిన బాకీ 19,41,184.

```
=NPER(8.15%/12, -20500, 1941184)
```

152.22. పాత రేటే ఉంటే 156 ఉండాల్సింది. ఫిబ్రవరి నుంచి లెక్కపెడితే ఆఖరి ఈఎంఐ 2038 అక్టోబరు. యాప్‌లో ఇంకా 2039 జనవరి అనే చూపిస్తోంది. మూడు నెలల స్టేట్‌మెంట్ వచ్చాక అందులో 153 అని ఉందో లేదో చూసి, లేకపోతే మళ్లీ మేడం దగ్గరికి వెళ్తాను.